దిలో పాయింట్‌కు పొట్టి ఉత్తరం

సవుసవు మార్కెట్ వెనక, బస్సులు తిరిగే చోట, ఒకే రేకుల కప్పు కింద రెండు దుకాణాలున్నాయి. ఒకటి నాది. బడి యూనిఫాంలు, ఆదివారం చర్చికి నడుముకు చుట్టుకునే సులులు కుడతాను. రెండోది ఊరి జనానికి ఉత్తరాలు రాసిపెట్టే మెరెవాలేసిది, అందరం వాలేసి అంటాం. మధ్యలో ఉన్నది గోడ అని ఇద్దరం అంటాం కానీ అది ప్లైవుడ్ చెక్క. ఆవిడ టైపు చేస్తూ గొణుక్కునే ప్రతి ఉత్తరమూ నా కుట్టుమిషను చప్పుడు మీదుగా నాకు వినపడుతుంది. అందుకే ఈ ఊళ్ళో ఎవరికి సెలవు కావాలో, ఎవరికి అప్పు కావాలో, ఏ మేనమామ పెళ్ళికి పిలిచినా రాలేదో చర్చి పాస్టరుకన్నా ముందు నాకు తెలుస్తుంది. తెలిసినా చెప్పను. ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప.

వాలేసి ఒకప్పుడు ఓడల కంపెనీ ఆఫీసులో టైపిస్టు. ఆఫీసు మూసేసినప్పుడు వాళ్ళు పారేయబోయిన బల్లను, కుర్చీని, ఒక ఫ్యానును లారీలో వేయించుకొచ్చి ఇక్కడ కొట్టు పెట్టింది. మనిషి భారీ, నవ్వు అంతకన్నా భారీ. ఆవిడ నవ్వితే నా సూదుల డబ్బా కదులుతుంది. ఊళ్ళో సగం మందికి ఈమెయిలు తెరిచి ఇచ్చింది ఆవిడే. వాళ్ళు పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తుచేసేదీ ఆవిడే. నన్ను బావా అంటుంది. వరసకేమీ కాము. మా తాతలు చెరకు తోటల కోసం ఓడెక్కి వచ్చినవాళ్ళు, వాళ్ళ తాతలు ఆ ఓడ రావడం ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు. కానీ ఇక్కడ బావ వరస ఒకటి కలిపేసుకుంటే జీవితాంతం ఎగతాళి చేసుకునే హక్కు వస్తుంది. ఆ హక్కును ఇద్దరం ఒక్కరోజూ వృథా పోనివ్వలేదు.

ఆవిడ ఉత్తరాలకు పేరు వచ్చింది నిడివి వల్ల. పేజీకింత అని తీసుకుంటుంది. డబ్బిచ్చినవాళ్ళు పేజీ నిండుగా ఉందా లేదా చూసుకుంటారు. కింద నాలుగు వేళ్ళ ఖాళీ కనపడితే, "ఇక్కడ ఇంకేమైనా రాయొచ్చుగా వాలేసీ" అని వేలుపెట్టి చూపిస్తారు. ఆవిడా అడగకముందే రాస్తుంది. ఎవరికి రాసినా ముందు ఆ ఊరి నేలకు వందనం, ఆ నేల పెద్దలకు వందనం, చదవబోయేవారి ఇంటిల్లిపాదికీ క్షేమం. అసలు సంగతి పేజీ సగం దాటాక వస్తుంది. ఒకసారి కరెంటు మీటరు తప్పు తిరుగుతోందని మా తరఫున రాసిన ఉత్తరం చదివి, కరెంటు ఆఫీసులో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడని చెప్పారు. మీటరు మాత్రం మార్చలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఇలైతియా ఉత్తరం సంగతి.

ఇలైతియా చేపలు పడతాడు. సొంత పడవ, సొంత వల. మనిషి మంచివాడు, మాట తక్కువ. ప్రతి శనివారం పొద్దున్నే హకీక్ టాక్సీలో ఐసు పెట్టె వేసుకుని దిలో పాయింట్ రిసార్టు వంటింటి గుమ్మం దగ్గర దించుతాడు. ఆ రిసార్టు వాళ్ళు కొంటేనే అతనికి వారం గడుస్తుంది. మార్కెట్లో అమ్ముకునేది మిగతా అరకొర.

ఆ గురువారం పొద్దున వాలేసి కంప్యూటరు తెరిచేసరికి ఇలైతియా ఫోను నుంచి ఒక సందేశం వచ్చి ఉంది. దిలో పాయింట్ రిసార్టు అతనికి పంపిన ఉద్యోగపు ఉత్తరం మొత్తం అందులో అతికించి ఉంది. బోట్ మాస్టర్ ఉద్యోగం. జీతం, యూనిఫాం, సెలవులు, చేయవలసిన పనులు, అన్నీ వరసగా. కింద సిబ్బంది మేనేజరు ఉనైసి తమనివాలు సంతకం. గురువారం సాయంత్రం లోపు జవాబివ్వాలని గడువు. ఆ ఉత్తరం తర్వాత ఇలైతియా సొంత మాట ఒక్క ముక్కే ఉంది: "వద్దని రాయి అక్కా, పొట్టిగా."

అంతే. ఎందుకు వద్దో లేదు.

వాలేసి వెంటనే ఫోను చేసింది. మోగలేదు. అతను తెల్లారుతూనే పడవ తీసుకుని బయటి పగడపు దిబ్బల వైపు వెళ్ళాడు. అక్కడ సిగ్నలుండదు. శుక్రవారం సాయంత్రానికి గానీ రాడు.

"బావా," అంది చెక్క అవతల నుంచి. ఆ గొంతులో నవ్వు లేకపోయేసరికి నేను మిషను ఆపాను. "ఇటొకసారి రా. పేగులు పీకేసిన చేపను చేతిలో పెట్టి, ఇది బతికున్నప్పుడు ఎలా ఈదేదో రాయమంటున్నాడు ఇలైతియా."

వెళ్ళి చదివాను. నాకు ముందు తట్టింది శనివారం. "వాలేసీ, ఇది వంకరగా రాస్తే ఎల్లుండి నుంచి వాడి చేపలు ఎవరు కొంటారు? ఉద్యోగం ఇస్తామంటే కాదన్నవాడి దగ్గర చేప మాత్రం ఎందుకు తీసుకుంటాం అనుకుంటే?"

"అదే కదా నా గుండె దడ. ఆ ఉనైసి మేడమ్‌ని చూశావా ఎప్పుడైనా? స్కేలు మింగినట్టు నిలబడుతుంది. ఆవిడకి వద్దు అని చెప్పాలి, ఆవిడకి కోపం రాకూడదు, ఇవన్నీ పొట్టిగా." వేళ్ళు విరుచుకుంది. "సరే. మన పద్ధతిలోనే కానిద్దాం."

మన పద్ధతి అంటే ఏమిటో తెలుసు. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఉత్తినే కాదని చెప్పరు. కాదనాలంటే మర్యాదగా సమర్పించే కావా వేరు కట్ట పట్టుకుని ఇంటికెళ్ళి, చాప మీద కూర్చుని, తలవంచి, కారణం చెప్పి, క్షమించమని అడిగి, వాళ్ళు సరే అని చప్పట్లు కొట్టాక లేచి రావాలి. వాలేసి అదంతా కాగితం మీద పెట్టింది. గంట తిరక్కుండానే పేజీ నిండింది. నాకు చదివి వినిపించింది.

"దిలో పాయింట్ నేలకు, ఆ నేలను కాచే పెద్దలకు, ఆ గుమ్మంలో అడుగుపెట్టే ప్రతి అతిథికీ వందనం. మీ పాదాల దగ్గర కూర్చునే యోగ్యత లేని చిన్నవాడిని, వణికే చేతులతో..."

"వాడి చేతులు వణకడమేమిటి, టూనా చేపను ఒంటిచేత్తో పైకి లాగుతాడు" అన్నాను.

"అది మర్యాద బావా, వైద్యం కాదు. విను." ఇంకొంచెం చదివి ఆగింది. "ఇదిగో, ఇక్కడ ఖాళీ వదిలాను. కారణం రాయాలి. కారణం లేకుండా క్షమాపణ అడిగితే దొంగతనం చేసినవాడి ఉత్తరంలా ఉంది."

నిజమే. అంత క్షమాపణ చదివితే పడవ ముంచేశాడేమో అనిపిస్తోంది.

హకీక్ అప్పుడే టాక్సీ ఆపి, పక్క కొట్లో రోటీ చుట్ట కొనుక్కుని తింటూ వచ్చాడు. సంగతి చెప్పాం. చెప్పకూడదనే అనుకున్నాం, కానీ ప్రతి శనివారం ఐసు పెట్టె మోసేది అతనే కదా. అతనికీ హక్కుందని మాకనిపించింది.

"జీతం చాలలేదని రాయండి," అన్నాడు హకీక్, నోట్లో బంగాళాదుంప ఉండగానే. "అందరూ అదే రాస్తారు."

"జీతం బాగానే ఉందయ్యా, నీకన్నా బాగుంది."

"అయితే నన్నెందుకు అడగలేదు వాళ్ళు?"

"నీకు ఈత రాదు గనక."

హకీక్ ఉత్తరం తెర మీదకు వంగి చదువుతూ ఒక చోట వేలు పెట్టాడు. తర్వాత ఒక్కసారి నవ్వడం మొదలుపెట్టాడు. చేయవలసిన పనుల వరసలో అట్టడుగున ఉంది: అతిథులు వచ్చినప్పుడు, వెళ్ళేటప్పుడు బోట్ మాస్టర్ మిగతా సిబ్బందితో కలిసి స్వాగత గీతం, వీడ్కోలు పాట పాడాలి.

ఇక ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇలైతియా పాట గురించి మీకు చెప్పాలి. ఈ దీవిలో పాడలేనివాడంటూ ఉండడు. పిల్లలు నడవకముందే రెండో గొంతు అందుకుంటారు. ఇలైతియా ఒక్కడు మాత్రం ఎలా తప్పిపోయాడో తెలియదు. అతని గొంతు పెద్దది, ధైర్యం అంతకన్నా పెద్దది, శ్రుతి మాత్రం ఇంకో దీవిలో ఉంటుంది. చర్చిలో గాయకబృందం పెద్ద అతనికి ఎంతో గౌరవంగా కీర్తన నంబర్ల బోర్డు పట్టుకునే పని అప్పగించాడు. రెండు చేతులతో పట్టుకోవాలి, కళ్ళు బోర్డు మీదే ఉండాలి, నోరు మూసుకోవాలి అని. ఇలైతియా బోర్డు పట్టుకుని కూడా పాడాడు.

"ఇదే కారణం," అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నది నేనే. "పాపం సిగ్గుపడి పైకి చెప్పలేదు. అందుకే పొట్టిగా రాయమన్నాడు."

వాలేసి నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. నా దుకాణంలో ఏదో కింద పడింది. "అయ్యో నా తండ్రీ. అతిథులు పడవ దిగకముందే వెనక్కి తిప్పమంటారు." కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇది ఎలా రాయను? 'నా కంఠం కారణంగా' అని రాయనా?"

"గొంతు జబ్బు అని రాయి."

"గొంతు జబ్బున్నవాడు వాళ్ళ వంటింట్లోకి చేపలు మోస్తే కొంటారా బావా? నీకు కత్తెర ఇచ్చి కూర్చోబెట్టారు కాబట్టి సరిపోయింది, కలం ఇచ్చి ఉంటే ఊరు మునిగేది."

ఇంకో కారణం వెతికాం. చివరికి వాలేసికే తట్టింది, ఎవరూ కాదనలేని కారణం. తల్లికి ఒంట్లో బాగాలేదు. ముసలితల్లిని వదిలి రోజంతా రిసార్టులో ఉండలేడు. అది పేజీలోని ఖాళీలో సరిగ్గా పట్టింది కూడా. తల్లి దగ్గు, తల్లి మోకాళ్ళు, కొబ్బరినూనె రాస్తూ కొడుకు చూసే దీనమైన చూపు. చదువుతుంటే హకీక్ రోటీ నమలడం ఆపేశాడు.

"ఎవరే ఆ ముసలావిడ, పాపం?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఇలైతియా తల్లి తోరికా. తలమీద చేమాకుల మోపు, చంకలో బేలె ఆకుకూర కట్టలు. పొద్దున్నుంచి మార్కెట్లో అమ్మి, మిగిలినవి ఎండకు వాడకుండా మా కప్పు నీడలో పెట్టుకోవడానికి వచ్చింది. రోజూ వస్తుంది. మాకెవరికీ గుర్తులేదు.

హకీక్‌కి టాక్సీ గుర్తొచ్చింది, కానీ గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. వాలేసి నేలవైపు చూసింది. చెప్పాల్సిన పని నామీద పడింది. నేను చెప్పాను.

తోరికా మోపు దించింది. కుర్చీలో కూర్చుంది. "మళ్ళీ చదువు," అంది.

వాలేసి చదివింది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గిపోయింది.

"బాగుంది," అంది తోరికా. "చచ్చిపోయాక ఇదే చదివించండి. వాలేసీ, నా కొడుకు చెప్పాడా ఈ మాట?"

"లేదమ్మా. అసలు ఏమీ చెప్పలేదు."

"మరి నువ్వెందుకు చెబుతున్నావు? శనివారం వాడు ఆ వంటింటి గుమ్మంలో నిలబడతాడు. అక్కడ వంటవాడు, అమ్మకెలా ఉంది అని అడుగుతాడు. వీడికి ఏమీ తెలియదు. బాగుంది, పొద్దున్నే చేమాకు మోపు ఎత్తుకుని కొండ దిగింది అంటాడు. అప్పుడు వాడి మొహమేంటి, వాడి చేప మొహమేంటి? వచ్చే శనివారమూ అడుగుతారు. ఆ పై శనివారమూ అడుగుతారు. నువ్వు ఒక్కసారి రాసి ఊరుకుంటావు, వాడు ప్రతి వారం ఐసు పెట్టెతో పాటు నీ అబద్ధాన్నీ మొయ్యాలి." ఆవిడ నావైపు తిరిగింది. "ఈ టైలరు ఏం చెప్పాడు రాయమని?"

"నేనేం చెప్పలేదమ్మా" అన్నాను.

"గొంతు జబ్బు అన్నాడు" అంది వాలేసి, బావ వరస హక్కు కొద్దీ.

తోరికా నన్ను పైనుంచి కిందదాకా, యూనిఫాంకు తెచ్చిన బట్ట చాలనప్పుడు నేను చూసే చూపు చూసి, మళ్ళీ వాలేసి వైపు తిరిగింది. "వాడేం పంపాడు నీకు? ఆ ఉత్తరమే కదా? అందులో ఉన్నంతే రాయి. లేనిది వాడొచ్చి చెప్పుకుంటాడు, ఇష్టమైతే."

వాలేసి చాలాసేపు తెర వైపు చూసింది. నిండు పేజీ. అంత బాగా కుదిరిన పేజీని చెరిపేయడం అంటే ఏమిటో నాకు తెలుసు, పెళ్ళికొడుకు కోటు కుట్టాక పెళ్ళి తప్పిపోయిందని చెబితే ఎలా ఉంటుందో అలా. కానీ చెరిపేసింది.

తర్వాత జరిగినది ఆవిడ జీవితంలో ఎప్పుడూ చేయని పని. ఉద్యోగపు ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని, అందులో నిజంగా ఏముందో ఒక్కొక్కటే చూసుకుంటూ రాయడం మొదలుపెట్టింది. ఎవరికి రాయాలి, ఉంది: ఉనైసి తమనివాలు. ఏ ఉద్యోగం, ఉంది: బోట్ మాస్టర్. ఎక్కడ, ఉంది. తనను ఎంచుకున్నారు, ఉంది, దానికి కృతజ్ఞత చెప్పొచ్చు. వద్దు అనేది ఇలైతియా చెప్పాడు. అది తప్పకుండా ఉండాలి, చదివినవాళ్ళు రెండోసారి చదవక్కర్లేకుండా ఉండాలి.

"'బాగా ఆలోచించిన మీదట' అని పెట్టనా?" అంది.

"ఆలోచించాడని మనకెవరు చెప్పారు?" అన్నాను. తోరికా అక్కడే ఉంది కదా, నాకు వివేకం వచ్చేసింది.

కొట్టేసింది. "'ఎంతో బాధతో'?"

"బాధపడుతున్నాడో, ఎగురుతున్నాడో."

కొట్టేసింది. "'ముందు ముందు ఇలాంటి అవకాశం ఉంటే'?"

"వాళ్ళు వచ్చే నెల మళ్ళీ పిలిస్తే?" అన్నాడు హకీక్. అతనికి కూడా ఆట అర్థమైంది.

కొట్టేసింది. "అయితే కనీసం చేపల మాట రాస్తాను. 'శనివారం చేపలు ఎప్పటిలాగే తెస్తాను' అని. దాని కోసమే కదా ఇంత తిప్పలు."

దానికోసమే ఇంత తిప్పలు, నిజమే. తోరికా బేలె ఆకులు సర్దుకుంటూ అంది, "ఉద్యోగం ఇచ్చేది ఆ మేడమ్. చేప కొనేది వంటిల్లు. ఆవిడ అడగని చేపను ఆవిడ ముందు పెడితే, ఇది పుచ్చుకుని కోపం మానుకో అన్నట్టు ఉంటుంది. ఆవిడకి లేని కోపం నువ్వు తెచ్చిపెట్టినట్టు."

వాలేసి చేపల మాట కూడా తీసేసింది. తీసేస్తూ "దేవుడా" అంది.

చివరికి మిగిలింది ఇది:

"శ్రీమతి ఉనైసి తమనివాలు గారికి,
దిలో పాయింట్ రిసార్టులో బోట్ మాస్టర్ ఉద్యోగం ఇస్తామంటూ మీరు పంపిన ఉత్తరం అందింది. నన్ను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంలో నేను చేరడం లేదని తెలియజేస్తున్నాను. మీకు, మీ సిబ్బందికి నా శుభాకాంక్షలు.
ఇలైతియా నకౌ."

"ఇదా?" అంది వాలేసి. "ఇది ఉత్తరమా? చొక్కా లేకుండా చర్చికి వెళ్ళినట్టుంది."

"గుండీలు సరిగ్గానే ఉన్నాయి" అన్నాను.

పంపబోతూ అలవాటు కొద్దీ ఆవిడ చేయి ఇంకో చోటికి వెళ్ళింది. రిసార్టు ఉత్తరం చివర ఒక చీటీ ఉంది, 'ఈ ఉద్యోగాన్ని అంగీకరిస్తున్నాను' అని, పేరుకు గీత, తేదీకి గీత. ఎక్కడ గీత కనపడినా పూరించి జతచేయడం ఆవిడ వృత్తి. ఇలైతియా పేరు సగం టైపు చేశాక నేను చెయ్యి పట్టుకున్నాను. లేకపోతే పైన వద్దని, కింద సరేనని ఒకే ఉత్తరం వెళ్ళేది. అంత పొట్టి ఉత్తరంలో అంత పెద్ద గొడవ ఎవరూ పెట్టి ఉండరు.

చీటీ చెరిపి, ఇలైతియా ఈమెయిలు నుంచే పంపింది. సాయంత్రానికి చాలా ముందే చేరింది. జవాబు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా కూడా రాలేదు. వాలేసి నవ్వలేదు. చెక్క అవతల అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు కుట్టు సాగదు. రెండుసార్లు వెళ్ళి నూనెలో వేయించిన బబకౌ రొట్టె ఇచ్చాను. మొదటిది తినలేదు, రెండోది తిని, "అసలు వందనం అయినా ఉంచాల్సింది" అంది. "నేలకు వందనం పెడితే ఎవరి సొమ్ము పోయింది?"

సాయంత్రం ఇలైతియా పడవ దిగి, వల ఆరబెట్టి, దుకాణం ముందుకొచ్చి, "పంపావా అక్కా?" అన్నాడు. పంపానంది. "వినాకా" అని వెళ్ళిపోయాడు. ఇక్కడ కృతజ్ఞత చెప్పే మాట అదే. కారణం అడుగుదామని నోరు తెరిచిన వాలేసి, అడక్కుండా మూసుకుంది. నేనైతే అడిగేవాణ్ణి, కానీ దారం నోట్లో ఉంది.

శనివారం పొద్దున హకీక్ టాక్సీ బయల్దేరేటప్పుడు ముందు సీట్లో ఇలైతియా, వెనక ఐసు పెట్టె ఉండాలి. నేను వెళ్ళేసరికి వాలేసి ఐసు పెట్టె పక్కన కూర్చుని ఉంది. దిలో పాయింట్‌లో ఎవరికో ఫోటోకాపీలు ఇవ్వాలట. తోరికా ఒళ్ళో చేమాకులున్నాయి, రిసార్టు వంటవాడు ఎప్పుడో అడిగాడట. నేను కూడా ఎక్కాను. నా దగ్గర కారణం లేదు. ఆ వారం కారణాల మీద నాకు నమ్మకం పోయింది.

"ఏమిటిది, చేపలకి ఊరేగింపా?" అన్నాడు ఇలైతియా.

"చేపలు తాజాగా ఉన్నాయో లేదో చూడాలిగా" అంది వాలేసి. ఒక తోక ఆవిడ మోచేతికి తగులుతూనే ఉంది.

వంటింటి గుమ్మం దగ్గర ఐసు పెట్టె దించగానే వంటవాడికి బదులు ఉనైసి మేడమ్ బయటికి వచ్చింది. నిజంగానే స్కేలు మింగినట్టే నిలబడింది. చేతిలో ఒక కాగితం. అందులో చాలా ఖాళీ ఉంది. నాకు దూరం నుంచే తెలిసింది ఏ కాగితమో.

"ఇది నువ్వు రాసిందా ఇలైతియా?"

"మా అక్క రాసింది మేడమ్. నేను దిబ్బల దగ్గర ఉన్నాను."

వాలేసి ఐసు పెట్టె వెనక చిన్నదైపోవడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

"మీరా?" అంది మేడమ్. "కిందటి ఏడాది తోటమాలి ఉద్యోగం వద్దంటూ ఒకతను పంపిన ఉత్తరం కూడా మీరే రాశారనుకుంటాను. నేల, పెద్దలు, అన్నీ ఉన్నాయి. మేము ముగ్గురం కూర్చుని చదివాం. అతను వస్తానంటున్నాడో రానంటున్నాడో తేలక వారం ఎదురుచూశాం. రాలేదు. పచ్చిక మోకాళ్ళ దాకా పెరిగింది."

వాలేసి మొహం ఎర్రబడడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇది టీ చల్లారకముందే చదివేశాను," అంది మేడమ్, కాగితం ఊపుతూ. "కాదంటున్నాడని తెలిసింది. ఆ సాయంత్రమే వరసలో రెండోవాడికి ఫోను చేశాం. సోమవారం చేరుతున్నాడు. జవాబు రాయడం కుదరలేదు, అతని యూనిఫాం పనిలో ఉన్నాం. చాలా మందికి తెలియదు, కాదనడం కూడా ఒక సాయమే, సమయానికి చెబితే." వంటింట్లోకి తిరిగి కేకేసింది, "చేపలు తూచుకోండి. వచ్చే వారం పెళ్ళి బృందం వస్తోంది, ఇంకో పెట్టె కావాలని చెప్పండి ఇతనికి."

వాలేసి నా చెయ్యి గిల్లింది. ఆ మచ్చ కొన్నాళ్ళు ఉంది.

ఎప్పటిలాగే గుమ్మం మెట్ల మీద నిమ్మాకు టీ వచ్చింది. ఆ రోజు అందరికీ వచ్చింది. వంటవాడు కూడా వచ్చి కూర్చుని, ఈ చేప ఎక్కడ పట్టావు, నీటి రంగేమిటి, ఏ ఎర అని అడిగాడు. మాట తక్కువ ఇలైతియా అక్కడ మాత్రం చేతులు తిప్పుతూ చెప్పాడు. దిబ్బ, దాని వెనక దిబ్బ, ఆటుపోటు మలుపు. మేడమ్ కూడా నిలబడి విన్నది.

"మరి ఎందుకు వద్దన్నావయ్యా?" అంది చివరికి. "కోపం లేదు. ఊరికే అడుగుతున్నాను."

మేమందరం కప్పుల్లోకి చూశాం.

"ఇదే మేడమ్," అన్నాడు ఇలైతియా, కప్పు చూపిస్తూ. "శనివారం ఇక్కడ కూర్చుంటే మీరు చేప ఎక్కడిది అని అడుగుతారు. నేను చెబుతాను. నేను మీ పడవ తోలితే చేప ఇంకెవరో తెస్తారు. నన్నెవరు అడుగుతారు?"

వంటవాడు అతని కప్పులో ఇంకొంచెం టీ పోశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ వాలేసికి రెండు రోజుల నవ్వు లోపల నిలవ ఉంది. "అయితే పాట వల్ల కాదా?" అనేసింది.

"ఏ పాట?"

"ఉత్తరంలో ఉందిగా. వచ్చేవాళ్ళకీ వెళ్ళేవాళ్ళకీ పాడాలని."

ఇలైతియా ఆశ్చర్యంగా చూశాడు. "అదొక్కటే నచ్చింది అక్కా నాకు. దాని కోసమే ఒక రాత్రంతా చేరదామా అనుకున్నాను." కప్పు పక్కన పెట్టాడు. "ఆ వీడ్కోలు పాట నాకు మొత్తం వచ్చు."

ఆపేలోపే మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నిండు గొంతుతో. ఒడ్డునున్న దిలో చెట్టు మీద పక్షులు లేచిపోయాయి. వంటింట్లో గిన్నె ఎవరో జారవిడిచారు. ఒక అతిథి పైఅంతస్తు కిటికీ తెరిచి, మళ్ళీ మూసేశాడు. మేడమ్ చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసుకుని, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంది. మంచి ఉత్తరాన్ని దాచుకునే పద్ధతిలో.

హకీక్ నావైపు చూడట్లేదు, నేను వాలేసివైపు చూడట్లేదు. చూస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఇంతలో రెండో చరణం దగ్గర తోరికా కప్పు దించింది. చిన్నగా, స్థిరంగా, అసలు శ్రుతిలో కొడుకు పక్కన అందుకుంది. అతను పక్కకు జారినప్పుడల్లా ఆవిడ గొంతు కింద చెయ్యి పెట్టినట్టు వచ్చి నిలబెట్టింది. ఎన్నేళ్ళుగా చేస్తోందో, ఆ పని ఆవిడకు ఊపిరిలా ఉంది. వాలేసి కూడా కలిసింది. వంటవాడు కింది గొంతు అందుకున్నాడు. చివరికొచ్చేసరికి అది పాటే అయింది.

"బాగుందా?" అన్నాడు ఇలైతియా కళ్ళు తెరిచి.

"ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు నువ్వు" అన్నాను. అది నిజం. అందులో ఒక్క ముక్క కల్పించలేదు.

తిరుగు దారిలో కారు వాలేసి నవ్వుకు ఊగింది. ఖాళీ ఐసు పెట్టె ఒకటే చప్పుడు. ఆ సోమవారం ఆవిడ తన బోర్డు కింద ఒక వరస కొత్తగా రాయించింది: పొట్టి ఉత్తరాలు కూడా రాయబడును. ధర మాత్రం నిండు పేజీదే. ఎందుకని అడిగాను.

"రాసినదానికి కాదు బావా," అంది. "కొట్టేసినదానికి."